మా అత్తయ్య బిందెలకు చిల్లు పెట్టిన ప్రోగ్రాం

మా మేనత్త ఇత్తడి సామాన్ల కొట్లోకి ఎవరైనా వచ్చి "చెంబు చూపించండి" అంటే, ఆవిడ చెంబు చూపించేది కాదు. "ఎక్కడికి?" అని అడిగేది. దేవుడి దగ్గరికా, పెరట్లోకా, ప్రయాణానికా, భోజనాల దగ్గరికా? జవాబు వచ్చాకే చెయ్యి అలమర వైపు వెళ్లేది. తొందరలో ఉన్నవాళ్లు "చెంబే కదండీ, ఏదో ఒకటి ఇచ్చెయ్యండి" అంటే, "ఏదో ఒకటి నా కొట్లో దొరకదు, పక్కన అడగండి" అని విసనకర్ర అందుకునేది. గంపలగూడెం నుంచి వచ్చిన ఒకాయన ఈ ప్రశ్నకు జవాబు తెలియక, ఇంటికి వెళ్లి భార్యను అడిగి, మళ్లీ బస్సెక్కి వచ్చేసరికి ఆ ఇంట్లో పుట్టిన పిల్లకు పళ్లొచ్చాయని నేను చెబుతుంటాను. పళ్లు రాలేదు లెండి. ఆయన మర్నాడే వచ్చాడు. కానీ అడగడానికి వెళ్లిన మాట నిజం.

తిరువూరు మెయిన్ రోడ్డులో ఉండేది ఆ కొట్టు. రెండువేల ఏడో, ఎనిమిదో. జనం స్టీలుకీ ప్లాస్టిక్‌కీ మళ్లి చాలా కాలమైంది. అద్దెకిచ్చినాయన కొట్టు పడగొట్టి రెండంతస్తులు వేస్తానన్నాడు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. అలమరల్లో ఆరువందల చిల్లర సామాను ఉంది. విస్సన్నపేట నుంచి పాతసామాన్లు కొనే ఆయన వచ్చి, బరువు లెక్కన మొత్తం పట్టుకెళతానన్నాడు. పట్టుకెళ్లి ఏం చేస్తాడంటే, కరిగిస్తాడు.

అత్తయ్యకు మింగుడు పడనిది ఆ ఒక్క మాటే. కొట్టు పోతే పోయింది, వయసు మీద పడింది, కూర్చుని టీవీ చూస్తానంది. "కానీ ఒరేయ్, నీళ్లు పోస్తే చుక్క కారని బిందెను పట్టుకెళ్లి కొలిమిలో పడేస్తారా? వండటానికి చేసినదాన్ని వండేవాళ్ల ఇంటికి పంపాలి" అనేది. పాతసామాన్లాయన పై వారం కాక ఆపై ఆదివారం బండి తీసుకొస్తానని చెప్పి వెళ్లాడు.

అప్పట్లో నాకు బస్టాండు దగ్గర కంప్యూటర్ సెంటర్ ఉండేది. నాలుగు కంప్యూటర్లు, మూడు కుర్చీలు. నాలుగోవాడు నిలబడి నేర్చుకునేవాడు, వాడికే ముందు ఉద్యోగం వచ్చింది. అత్తయ్య బాధ చూడలేక ఒకరోజు చెప్పాను.

"అత్తయ్యా, బొంబాయిలో ఒక అంగడి ఉంది. గోడలు లేవు, తలుపుల్లేవు. ఎక్కడివాళ్లయినా తమ సామాను అందులో పెట్టుకోవచ్చు. దేశంలో ఎక్కడున్నవాళ్లయినా కంప్యూటర్లో చూసి కొనుక్కోవచ్చు. ఇత్తడి బిందెలంటే పట్నం వాళ్లు పడి చస్తున్నారు."

ఆవిడ విసనకర్ర ఊపడం ఆపింది. అంతకు ముందు వేసవిలోనే, మా సెంటర్లో ఇంటర్నెట్ మోడెమ్ చేసే కూతకి పెనుగొలను ఊరి బర్రెలు తాడు తెంపుకుని వచ్చాయని ఆవిడకే చెప్పాను.

"ఇది కూడా బర్రెల కథేనా?"

"నీ మీద ఒట్టు."

"నా మీద వద్దు. నీ కంప్యూటర్ల మీద వెయ్యి."

వేశాను. అప్పుడు షరతు పెట్టింది. బండి వచ్చే ఆదివారం నాటికి తన సామాను ఆ అంగట్లో పద్ధతిగా నిలబడితే, అమ్ముడయ్యేదాకా నా సెంటర్ వెనక గదిలో దాచుకుంటుంది. నిలబడకపోతే పాతసామాన్లాయనకే. మధ్యలో నేను ఇంకో కథ చెప్పకూడదు. మూడోది కష్టమనిపించినా ఒప్పుకున్నాను.

ఆ అంగట్లో సామాను పెట్టడం అంటే సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టినట్టు కాదు. వాళ్లకు కేటగిరీల చెట్టు ఒకటుంటుంది. మొదట్లో ఇల్లు, తోట, వంటగది, పనిముట్లు, పాతకాలపు వస్తువులు లాంటి పెద్ద కొమ్మలు. ఒక్కొక్క కొమ్మకు రెమ్మలు, రెమ్మలకు ఆకులు. సామాను చివర ఉన్న ఆకు దగ్గరే పెట్టాలి, కొమ్మ మీద పెడితే తీసుకోదు. ఇక ప్రతి ఆకుకూ తప్పనిసరిగా నింపాల్సిన గడులు కొన్ని ఉంటాయి. ఒక ఆకు దగ్గర లోహం ఏంటి, ఎన్ని లీటర్లు పడుతుంది, మూత ఉందా అంటారు. ఇంకో ఆకు దగ్గర ఎత్తెంత, రంగేంటి అంటారు. కొన్ని గడుల్లో మన ఇష్టం వచ్చింది రాయడానికి లేదు. వాళ్లిచ్చిన జాబితాలోంచే ఒకటి ఎంచుకోవాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా వస్తువు లోపలికి పోదు.

ఒక చెంబును అలా చేత్తో ఎక్కించడానికి అరగంట పట్టింది. సగంలో కరెంటు పోయి మళ్లీ మొదటికొచ్చింది. ఆరువందల వస్తువులకు ఎంతవుతుందో లెక్కేస్తే, ఆ కొట్టు స్థానంలో కట్టే రెండంతస్తులు పాతబడి పడగొట్టే నాటికి అయ్యేట్టుంది. అయితే ఆ అంగడివాళ్లు ఇంకో దారి కూడా ఇచ్చారు. సామానంతా ఒక్క ఫైల్లో వరసలు వరసలుగా రాసి ఒకేసారి పంపొచ్చు. వాళ్ల చెట్టు మొత్తం, ఏ ఆకుకు ఏ గడులు తప్పనిసరో ఆ జాబితా, రెండూ ఫైళ్లుగా దొరికాయి. ఇక నాకేం కావాలి? వస్తువు పేరు చదివి, చెట్టులో ఆకు వెతికి, గడులు నింపి, ఫైలు తయారుచేసే ప్రోగ్రాం రాస్తానన్నాను. బద్ధకస్తులు ఎంత కష్టపడతారో ఆ నాలుగు రోజుల్లో తెలిసింది.

అత్తయ్య స్టాకు పుస్తకం తెచ్చి ఇచ్చింది. ప్రతి వస్తువుకూ ఒక వరస. మొదట పేరు, తర్వాత సైజు, లోహం, చివర్లో ఆవిడ పెట్టుకున్న రకం. ఆ రకాలు చూస్తే నవ్వొచ్చింది. "పొయ్యి మీదవి", "నీళ్లవి", "దేవుడి దగ్గరవి", "పెరట్లోవి", "ప్రయాణంవి", "వడ్డించేవి", "పోయినవి". కంప్యూటర్ చదువు చదివినవాడిని కదా, ఇదేం వర్గీకరణ అనుకున్నాను. బొంబాయి చెట్టులో పెరడు అనే కొమ్మే లేదు. అందుకని ఆ చివరి నిలువు వరసను ప్రోగ్రాంకు చూపించనే లేదు. పేర్లు, సైజులు, లోహాలు మాత్రం ఇచ్చాను.

పని తీరు ఇదీ. తెలుగు పేర్లకు ఇంగ్లీషు మాటలతో చిన్న నిఘంటువు రాశాను. ప్రోగ్రాం ఆ ఇంగ్లీషు మాటలను చెట్టులోని ఒక్కొక్క ఆకు పేరుతో పోల్చి, ఎన్ని కలిస్తే అన్ని మార్కులేస్తుంది. ఎక్కువ మార్కులొచ్చిన ఆకు దగ్గర వస్తువును పెడుతుంది. రెండు ఆకులకు సమానంగా వస్తే, ఫైల్లో ఏది ముందుంటే అది. తర్వాత ఆ ఆకు అడిగే గడులను పుస్తకంలోంచి నింపుతుంది. పుస్తకంలో లేనివాటికి, వాళ్లిచ్చిన జాబితాలో మొట్టమొదటి విలువ వేసేస్తుంది. ఈ చివరి ఏర్పాటు నా తెలివికి పరాకాష్ఠ అనుకున్నాను. ఒక్క గడీ ఖాళీగా ఉండదు!

"పోయినవి" అన్న వరసలు మాత్రం అత్తయ్య పట్టుబట్టి నా చేత కొట్టేయించింది. చిల్లులు పడ్డవి, అతుకులు ఊడినవి అవి.

ఫొటో స్టూడియో ఆయన దగ్గర కెమెరా అడిగి తెచ్చి, రకానికొకటి చొప్పున ఫొటోలు తీశాను. తళతళలాడేట్టు తోమిన బిందెలు కదా, ప్రతి ఫొటోలోనూ బిందె కడుపు మీద అత్తయ్య నడుం మీద చేతులు పెట్టుకుని కనిపించేది. "పక్కకు జరుగు అత్తయ్యా" అంటే, "నా కొట్లో నేను పక్కకు జరగడమేంట్రా" అనేది. అలాగే పంపాను.

సోమవారం ఫైలు ఎక్కింది. ఒక్క తప్పు కూడా రాలేదు. మంగళవారానికి సామానంతా అంగట్లో ఉంది. అత్తయ్యను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చూపించాను. కళ్లజోడు సవరించుకుని, తెర మీద బిందెలో తన బొమ్మను తనే చూసుకుని, "కాస్త చిక్కినట్టున్నాను" అంది. వెళ్లేటప్పుడు సెంటర్లో పిల్లలందరికీ బెల్లం జీళ్లు పంచింది.

బుధవారం నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. అంటే ఈమెయిళ్లు. పూణే నుంచి ఒకాయన దీపపు కుంది గురించి అడిగాడు: దీనికి ప్లగ్గు కూడా ఇస్తారా, వైరు ఎంత పొడవు? అర్థం కాక పేజీ తెరిచి చూశాను. మా కుంది బల్ల దీపాల దగ్గర ఉంది. అక్కడ తప్పనిసరి గడి బల్బు వాట్లు. జాబితాలో మొదటి విలువ నలభై. మా అత్తయ్య కుందులన్నీ నలభై వాట్ల చొప్పున వెలుగుతున్నాయి. ఇంకొకావిడ మరచెంబు చూసి, దీనికి నట్టు విడిగా అమ్ముతారా అని అడిగింది. మర తిప్పి మూత బిగించే చెంబు కదా, మరకు నేను నిఘంటువులో స్క్రూ అని రాసిన మాట పట్టుకుని ప్రోగ్రాం దాన్ని పనిముట్ల కొమ్మ మీద మరమేకుల పక్కన కూర్చోబెట్టింది. ఇంకెవరో, బిందెలో కనిపిస్తున్న పెద్దావిడ కూడా వస్తారా అని అడిగారు. దానికి మాత్రం జవాబు రాయలేదు.

శుక్రవారం అంగడివాళ్లు మా సామాను మొత్తం తీసేశారు. ఒకటి కూడా మిగల్చలేదు.

ఫోన్ చేశాను. అమ్మేవాళ్లకు సాయం చేసే విభాగమట. ఒక అమ్మాయి ఇంగ్లీషులో పలకరించింది. నేను ఇంగ్లీషులోనే రెండు ముక్కలు మాట్లాడి, మూడోదానికి "అయ్యో రామా" అన్నాను.

"తెలుగువాళ్లా సార్? అలా చెప్పరే!" అంది. "మీ ఫైలు నా ముందే ఉందండి. ఒక మాట అడగనా? మీ బిందెలన్నిటికీ అడుగున చిల్లుందా?"

"చిల్లేంటండీ?"

"మీరే పెట్టారు సార్. పూలకుండీల్లో పెట్టారు. అక్కడ నీళ్లు పోవడానికి చిల్లు ఉందా లేదా చెప్పాలండి. ఉంది అన్నారు. నూట పదకొండు బిందెలకీ ఉంది అన్నారు."

బిందెకు నా నిఘంటువులో పాట్ అని రాశాను, ఆ చెట్టులో పూలకుండీ కూడా పాటే. చిల్లు గడికి ఉంది, లేదు అని రెండే విలువలు. మొదటిది ఉంది. నా పరాకాష్ఠ అక్కడ కూర్చుని నవ్వుతోంది.

"మేడం, అది ప్రోగ్రాం చేసిన పని..."

"ఎవరు చేసినా అమ్మేది మీరే కదండీ. సగానికి పైగా తప్పు చోట ఉన్నాయని మా వాళ్లు ఖాతా ఆపమన్నారు. ఇంకొక్కసారి పంపడానికి నేనడిగి ఒప్పించాను. ఈసారి మనుషులు కూర్చుని చూస్తారు. రెండు పనిరోజులు పడుతుంది. మళ్లీ ఇలాగే ఉంటే ఖాతా మూసేస్తారండి, ఇక తెరవరు."

ఎల్లుండి కాక పై ఆదివారం బండి. శనివారానికి జవాబు రావాలంటే గురువారం పొద్దున్నకల్లా ఫైలు వెళ్లాలి. ఒక్కటే అవకాశం.

అత్తయ్యకు చెప్పడానికి కొట్టుకు వెళ్లాను. దీపాల సంగతి చెబితే నవ్వింది. మరచెంబు సంగతి చెబితే కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. బిందెల సంగతి చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

"నా బిందెకి చిల్లా?"

"అది కాదు అత్తయ్యా, ఆ గడిలో..."

"ముప్ఫయ్యేళ్లు. ప్రతి బిందెలో నీళ్లు పోసి, కింద కాగితం పరిచి, కాగితం తడవలేదని చూపించి అమ్మాను. పోయినవి విడిగా పెట్టుకున్నాను. నువ్వు దేశం మొత్తానికి నా బిందెలు కారతాయని చాటావు. నీ బర్రెల కథలే నయంరా. వాటికి చిల్లుల్లేవు."

ఇంతలో ఒకావిడ కొట్లోకి వచ్చి "చెంబు కావాలండి" అంది. అత్తయ్య అంత కోపంలోనూ అలవాటు ప్రకారం "ఎక్కడికి?" అంది. "దేవుడి దగ్గరికండి." అత్తయ్య వెళ్లి సన్నమూతి చెంబు తెచ్చింది. ఆవిడ వెళ్లిపోయాక నేను పుస్తకం తెరిచి చూశాను. ఆ ఒక్క పేజీలోనే చెంబు అన్న పేరు ఏడు చోట్ల ఉంది. ఏడు చోట్లా పేరు ఒకటే. ఆఖరి నిలువు వరసలో రకం మాత్రం వేరు.

అప్పుడు తట్టింది. పేరు చూసి చెంబు ఎక్కడికి పోవాలో మా ప్రోగ్రాంకే కాదు, ఎవరికీ తెలియదు. అది తెలియకే కదా ఆవిడ ముప్ఫయ్యేళ్లుగా అడుగుతోంది. ఆ ప్రశ్నకు జవాబులే ఆ ఆఖరి నిలువు వరస. నేను నవ్వుకుని పక్కన పడేసింది దాన్నే.

"అత్తయ్యా, నీ పుస్తకం ఇంకోసారి ఇవ్వు. ఈసారి పూర్తిగా చదువుతాను."

"ముందు చదవలేదా?"

"సగం చదివాను."

"నీ కథలన్నీ సగమే నిజమయ్యేది అందుకేనా" అంది, కానీ పుస్తకం ఇచ్చింది. తను కూడా నా వెంట సెంటర్‌కు వచ్చింది. శనివారం నుంచి బుధవారం దాకా, పగలంతా ఆవిడ ఆ నాలుగో కంప్యూటర్ పక్కన, పిల్లలకు ఎప్పుడూ దొరకని కుర్చీని ఎక్కడినుంచో సంపాదించుకుని కూర్చుంది.

ఈసారి పని వేరుగా చేశాం. ముందు అత్తయ్య రకాలను ఒక్కొక్కటిగా తీసుకుని, చెట్టులో అవి ఏ కొమ్మల మీద ఉండొచ్చో ఆవిడనే అడిగాను. "పొయ్యి మీదవి" వంటగది కొమ్మ దాటి పోకూడదు. "దేవుడి దగ్గరవి" పూజాసామగ్రి రెమ్మ దాటకూడదు. ప్రోగ్రాం ఇక మొత్తం చెట్టులో వెతకదు. రకం చూపించిన కొమ్మ కిందే ఆకులకు మార్కులేస్తుంది. దీపపు కుంది పూజ రెమ్మ కిందికి రాగానే వాట్ల గడి తనంతట తనే మాయమైంది. అక్కడ అడిగేది వత్తులెన్ని, ఎత్తెంత అని. బిందె నీళ్లు నిలవ చేసే పాత్రల దగ్గరికి చేరింది. అక్కడ చిల్లు ఊసే లేదు. అత్తయ్య ఆ పేజీ మీద వేలు పెట్టి రెండుసార్లు చదివించుకుంది.

రెండో మార్పు, ప్రోగ్రాంకు సిగ్గు నేర్పించడం. రెండు ఆకులకు సమానంగా మార్కులొచ్చినా, మరీ తక్కువొచ్చినా, ఏదో ఒకటి పట్టుకోకుండా ఆ వస్తువును "అడగవలసినవి" అనే జాబితాలో వేస్తుంది. తప్పనిసరి గడికి పుస్తకంలో జవాబు లేకపోయినా అంతే. మొదటి విలువ వేసే ఏర్పాటును నా చేత్తో నేనే చెరిపేశాను. అడిగినదానికి జవాబు చెబితే ఆ రకం, ఆ పేరు జంటకు గుర్తు పెట్టుకుంటుంది, మళ్లీ అడగదు. ఆరువందల వస్తువులూ చూస్తే జంటలు డెబ్బై లోపే తేలాయి. "పెరట్లోవి, చెంబు" ఎక్కడికో ఒక్కసారి చెబితే, పెరటి చెంబులన్నీ వరసలో వెళ్లి కూర్చునేవి.

"అడగవలసినవి" జాబితా చదవడం నా పని, జవాబు చెప్పడం అత్తయ్య పని.

"పొయ్యి మీదవి, గుండిగ. ఎన్ని లీటర్లు అని అడుగుతోంది. నువ్వు పుస్తకంలో పదిమందిది అని రాశావు."

"పదిమందికి అన్నం వండొచ్చు. అంతకంటే ఏం చెప్పాలి?"

"లీటర్లలో చెప్పాలి. మనిషికి ఇంత అని లెక్కేసి చెప్పేద్దామా?"

"ఏ పదిమంది?" అంది అత్తయ్య. "నాట్లు వేసొచ్చిన పదిమందా, మీ మావయ్య ఆఫీసు గుమాస్తాలు పదిమందా? ఇద్దరికీ ఒకే గిన్నె సరిపోతుందా?"

కంప్యూటర్ సెంటర్లో నేర్చుకునే పిల్లలు కీబోర్డులు వదిలేసి వినడం మొదలుపెట్టారు. లెక్కతో కుదరదని తేలిపోయింది. కొట్టు వెనక పంపు దగ్గర లీటరు సీసా పట్టుకుని కూర్చున్నాం. ఒకే అచ్చులో పోసిన సైజుకు ఒకటి తీసి కొలిస్తే, ఆ సైజు అన్నింటికీ అదే లెక్క. నేను సీసా వంచుతుంటే ఆవిడ లెక్కపెట్టేది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క పోయి మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. ఆ వారం తిరువూరులో నీళ్ల ట్యాంకు ఎండిపోయిందని చెప్పుకుంటారు. నేనే చెప్పాను ఆ మాట.

లోహం దగ్గర ఇంకో చిక్కు. వాళ్ల జాబితాలో ఇత్తడి, కంచు, రాగి వేరువేరుగా ఉన్నాయి. పుస్తకంలో కొన్నింటికి లోహం రాసి లేదు. "రంగు చూసి చెప్పనా?" అన్నాను. "రాగి ఎర్రగా తెలుస్తుంది, తోమితే కంచూ ఇత్తడీ ఒకే రంగురా" అని అత్తయ్య వేలి కణుపుతో గిన్నెను కొట్టింది. టంగున మోగి చాలాసేపు వినిపించింది. "కంచు. రాసుకో." ఇంకోదాన్ని కొట్టింది. టక్కున ఆగిపోయింది. "ఇత్తడి." బుధవారం సాయంత్రానికి సెంటర్లో పిల్లలు కూడా చెవులు రిక్కించి, ఆవిడ చెప్పకముందే అరవడం నేర్చుకున్నారు. ఈ గడిని ప్రోగ్రాం నింపలేదని ఒప్పుకున్నాను. కానీ ఒకసారి ఆవిడ చెబితే, వాళ్ల జాబితాలోని సరైన మాటగా మార్చి రాయడం మాత్రం అదే చేసింది.

ఒక్కదానికి చోటు దొరకలేదు. కాగు. పెరట్లో కట్టెలు పెట్టి స్నానానికి నీళ్లు కాచుకునేది. చెట్టంతా ఎక్కి దిగాం. స్నానాల గదిలో షాంపూ సీసా పెట్టే అలమర ఉంది, సబ్బు పెట్టె ఉంది. కరెంటు గీజర్లు ఉన్నాయి, వాటికి వోల్టేజి అడుగుతోంది. అత్తయ్య ఆ గడి చూసి తల అడ్డంగా ఊపింది.

"ఆ చెట్టుకు పెరడు లేదురా. పెరడు లేని ఇంట్లో కాగు ఎక్కడ పెడతారు పాపం. పంపకు."

"ఇతరములు అని ఒక ఆకుంది. అందులో వేద్దాం."

"ఎక్కడికో చెప్పలేనిదాన్ని నేను అమ్మను."

దాన్ని తీసేశాం. గురువారం పొద్దున్నే ఫైలు పంపాను. "అడగవలసినవి" జాబితా ఖాళీ అయ్యాకే పంపాను. ఫోన్లో ఆ అమ్మాయికి కూడా చెప్పాను.

"ఈసారి చిల్లుల్లేవా సార్?"

"లేవండి. మా అత్తయ్య కాగితం పరిచి చూపించింది."

"మంచిదండి. మా ఇంట్లో కూడా ఒక మరచెంబు ఉంది. అది మరమేకుల్లో కనిపిస్తే నాకు చాలా బాధేసింది సార్" అంది.

శుక్రవారం ఏమీ రాలేదు. శనివారం మధ్యాహ్నం దాకా ఏమీ రాలేదు. అత్తయ్య సెంటర్‌కు వచ్చి తన కుర్చీలో కూర్చుంది. నేను కథ ఒకటి మొదలుపెట్టబోయి, షరతు గుర్తొచ్చి ఆపేశాను. మూడు గంటలకు కరెంటు పోయింది. నాలుగుంబావుకు వచ్చింది. కంప్యూటర్ లేచి, ఇంటర్నెట్ పట్టుకుని, ఉత్తరం తెరుచుకునేసరికి మా అత్తయ్య ఒక పూర్తి వరస పిల్లలకు కంచుకూ ఇత్తడికీ తేడా పరీక్ష పెట్టేసింది.

ఉత్తరంలో ఫలితం ఉంది. తప్పు చోట ఉన్నవి మూడు. మూడూ గరిటెలు. "వడ్డించేవి" కిందకు పోవాల్సినవాటిని నేను "పొయ్యి మీదవి" అని తప్పుగా ఎక్కించాను. అంటే ప్రోగ్రాం తప్పు కూడా కాదు, నాదే. వాటిని సరిచేసుకోమన్నారు. మిగతావన్నీ అంగట్లో ఉన్నాయి.

"మూడు గరిటెలే?" అంది అత్తయ్య.

"మూడే."

"గరిటె ఎక్కడుంటుందో మగాడికి ఎలా తెలుస్తుందిలే" అని పిల్లల వైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వు చూసి ఆ రోజు నేను కథ ఏదీ కల్పించకుండానే ఇంటికి వెళ్లాను.

ఆదివారం పొద్దున విస్సన్నపేట నుంచి పాతసామాన్లాయన ట్రక్కు ఆటోతో వచ్చాడు. అప్పటికే అలమరలు ఖాళీ చేసి సామానంతా నా వెనక గదికి చేర్చేశాం.

"ఏంటమ్మా, సామానేది?" అన్నాడు.

"కంప్యూటర్లో ఉంది" అంది అత్తయ్య.

ఆయన నా వైపు తిరిగాడు. ఆయనకూ నా సంగతి తెలుసు. "మళ్లీ ఏదో చెప్పారా సార్ అమ్మగారికి?"

"ఈసారి ఏం చెప్పలేదండి. నిజంగానే ఉంది."

నమ్మలేదు. నిజం చెప్పినప్పుడు నన్ను ఎవరూ నమ్మరు, ఆ బాధ వేరే. ఖాళీ బండితో వెళ్లాల్సి వస్తుందేమోనని ఆయన మొహం చిన్నబోయింది. అప్పుడు అత్తయ్య లోపలికి వెళ్లి ఒక గోనెసంచి లాక్కొచ్చింది. "పోయినవి" అని రాసిన వరసల్లోని సామానంతా అందులో ఉంది. చిల్లు బిందెలు, అతుకూడిన గిన్నెలు, నడుం విరిగిన కుందులు. ఆయన ఒకటి తీసి చూసి, తలూపి, సంచి ఎత్తబోయాడు.

అత్తయ్య సంచి మీద చెయ్యి వేసింది.

"ఎక్కడికి?"

ఆయన సంచి మూతి వదిలేశాడు. తర్వాత నెమ్మదిగా "కొలిమిలోకండి" అన్నాడు.

"అయితే సరే" అని చెయ్యి తీసేసింది. "వీటికి అదే చోటు."

బండి వెళ్లాక నేను సెంటర్‌కు వచ్చి ప్రోగ్రాంలో ఒక వరస కలిపాను. "పోయినవి: ఏ పేరైనా: విస్సన్నపేట." జంటలన్నిటిలో అది చివరిది. తర్వాత రెండేళ్లలో ఆ ఆరువందలూ ఒక్కొక్కటిగా తపాలా పెట్టెల్లో ఎక్కడెక్కడికో వెళ్లాయి. ప్రతి పెట్టెలోనూ అత్తయ్య ఒక చిన్న చీటీ పెట్టేది, ఆ వస్తువు ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలో రాసి. కాగు మాత్రం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. శీతాకాలంలో దాన్లోనే నీళ్లు కాచుకుంటాను. అందులో కాచిన నీళ్లు పోసుకుంటే మూడు రోజులు ఒళ్లు వెచ్చగా ఉంటుంది. కావాలంటే వచ్చి ముట్టుకు చూడండి.